గేటుమనిషి కోసం రాసిన రెండో విన్నపం

నా భార్య పోయిన ఏడాది నేను చాలా కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టాను. వాటిలో ఒకటి తిరుత్తణి మేజిస్ట్రేటు కోర్టులో దాఖలైంది. దాని వల్ల ఒక మనిషి జైలుకు పోయేవాడు.

ఎనభైల మొదట్లో సంగతి. నాకు యాభై నాలుగేళ్ళు. తిరువళ్ళూరులో ఇల్లు, ఇంటి ముందు గదిలోనే ఆఫీసు. తిరువళ్ళూరులోనూ తిరుత్తణిలోనూ చిన్న క్రిమినల్ కేసులు చూసేవాణ్ణి. వారంలో రెండు రోజులు పొద్దున్నే రైలెక్కి, అరక్కోణంలో మారి, తిరుత్తణికి వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి. మాకు పిల్లలు లేరు.

మర్నాడు దాఖలు చేయాల్సిన కాగితాలు ఇంగ్లీషులో ఉండేవి. సాయంత్రం నా భార్య కూరగాయలు తరుగుతూ ఉంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని వాటిని తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. చట్టం సంగతి అడిగేది కాదు, మనుషుల సంగతి అడిగేది. "ఇందాక ఒక్కడే కొడుకన్నారు, ఇప్పుడు తమ్ముడి పెళ్ళి అంటున్నారు, ఆ తమ్ముడు ఎక్కణ్ణించి వచ్చాడు?" అనేది. నేను కలం తీసి దిద్దుకునేవాణ్ణి. అదొక సాయమని అప్పుడు అనుకోలేదు. మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అనుకునేవాణ్ణి.

ఆమె పోయాక చదివి వినిపించడం ఆగిపోయింది. నాకు నేను చదువుకోవడం కూడా ఆగిపోయింది. గుమాస్తా టైపు చేసి తెచ్చేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ణి.

ఆ గుమాస్తా ఇరవై ఏళ్ళుగా నా దగ్గర ఉన్నాడు. ఇంట్లో తమిళం, నాతో తెలుగు. మంచి టైపిస్టు. ఏ రకం కాగితానికి ఆ రకం నమూనా దాచి పెట్టుకునేవాడు. నేరం ఒప్పుకున్న మనిషికి శిక్ష వేసే ముందు, దయ చూపమని వకీలు ఇచ్చే విన్నపానికి కూడా ఒక నమూనా ఉండేది. ఇది మొదటి తప్పు, ఇంతకుముందు ఏ కేసూ లేదు, సంపాదించేది ఇతనొక్కడే, ముసలి తల్లీ భార్యా చిన్నపిల్లలూ ఇతని మీద ఆధారపడి ఉన్నారు, జైలుకు పంపకుండా ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడికకు బాండు రాయించుకుని విడిచిపెట్టండి అని అందులో ఉండేది. పేరూ కేసు నంబరూ మార్చి, పెళ్ళికాని వాడైతే భార్యాపిల్లల్ని కొట్టేసి, మిగతాది అలాగే టైపు చేసేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది. ముసలి తల్లి లేని ఇళ్ళు ఆ రోజుల్లో తక్కువ.

గేటుమనిషిని నా దగ్గరికి తీసుకొచ్చింది అతనితో పనిచేసే రైల్వే గ్యాంగువాళ్ళు. నలభై ఆరేళ్ళ మనిషి, సన్నగా, జుట్టు దగ్గరగా కత్తిరించుకుని ఉన్నాడు. నగరి పక్క పల్లె. పెళ్ళి చేసుకోలేదు. తిరుత్తణికి దక్షిణాన రైలు పట్టాలకు అడ్డంగా ఒక బండ్లబాట పోతుంది. అక్కడ గేటు, గేటు పక్కన ఒక గది. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు.

జరిగింది ఇది. ఒకరోజు మధ్యాహ్నం గూడ్సు వస్తుందని గేటు రెండు రెక్కలూ మూసి తాళం వేశాడు. గూడ్సు రాలేదు. అరగంట దాటింది. పడమటి వైపు ఊళ్ళోంచి ఒక పాడె వచ్చింది. శ్మశానం లైనుకు తూర్పున ఉంది. మా వైపు పాడెను ఎత్తాక దింపుడు కళ్ళం దగ్గర తప్ప దించరు. అక్కడ దించి, పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలిచి, మళ్ళీ ఎత్తుతారు. ఆ ఊరివాళ్ళ దింపుడు కళ్ళం గేటు దాటాక వస్తుంది. అందుకని మోసేవాళ్ళు పాడెను భుజాల మీదే ఉంచుకుని మూసిన గేటు ముందు నిలబడ్డారు. ఇతను తాళం తీసి గేటు తెరిచాడు. పాడె దాటింది. వెనక వస్తున్న జనం ఇంకా పట్టాల మీద ఉండగా మలుపులోంచి గూడ్సు వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఇంజను గేటుకు కొద్ది దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ డ్రైవరు తరవాతి స్టేషన్లో రిపోర్టు రాసిచ్చాడు. రైల్వే పోలీసులు కేసు పెట్టారు. డ్యూటీలో ఉండి రూలు తప్పి జనం ప్రాణాలకు అపాయం తెచ్చాడని. దానికి రెండేళ్ళ దాకా జైలు వేయవచ్చు, జరిమానాతోనూ పోనివ్వవచ్చు.

డిపార్టుమెంటు అతన్ని గేటు నుంచి తప్పించి, పట్టాలు బాగుచేసే గ్యాంగులో పెట్టి, కోర్టు ఏమంటుందోనని కాచుకుని ఉంది. జైలు పడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే గది పోతుంది. అతనికి ఆ రెండూ తప్ప ఏమీ లేవు.

ఎందుకు తెరిచావని అడిగాను. వాళ్ళు గొడవ చేశారా, బెదిరించారా అని కూడా అడిగాను. అలాంటిది ఏమైనా ఉంటే పనికొస్తుందని.

"లేదు సామీ. వాళ్ళు నన్ను ఏమీ అడగలేదు. అడిగింటే తెరిచి ఉండనేమో. రూలు చెప్పి ఉందును. ఊరికే నిలబడినారు."

విచారణ నడిపిద్దామంటే ఒప్పుకోలేదు. తెరిచింది తెరిచినానని చెప్పేస్తానన్నాడు. మేజిస్ట్రేటు తమిళంలో రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఒప్పుకున్నాడు. అదే రోజు గుమాస్తా టైపు చేసిన విన్నపాన్ని కోర్టు వరండాలో గోడకు ఆనించి సంతకం పెట్టి లోపలికి పంపాను. మేజిస్ట్రేటు అది తీసుకుని, శిక్ష సంగతి తేల్చే ముందు ప్రొబేషన్ ఆఫీసరు వెళ్ళి ఇతని సంగతులు విచారించి నివేదిక ఇవ్వాలని ఆర్డరు వేసి, వాయిదా ఇచ్చారు. ఇది మంచి సూచన. జైలుకు పంపదలచుకున్నవాళ్ళు చాలామంది నివేదిక దాకా పోరు. ఆ రోజు రైల్లో నిద్రపోయాను.

వాయిదా రోజు నివేదిక వచ్చింది. అది రహస్యంగా కోర్టుకు మాత్రమే ఇచ్చేది. అందులోని సారాన్ని మేజిస్ట్రేటు పైకి చెప్పారు. ఆఫీసరు చెంగల్పట్టు నుంచి వచ్చి, గేటు దగ్గరికి వెళ్ళి, చుట్టుపక్కల విచారించాడు. మనిషికి తాగుడు లేదు, ఎవరితోనూ తగవు లేదు. అంతవరకూ బాగానే ఉంది. విన్నపంలో ముసలి తల్లి ఇతని మీద ఆధారపడి ఉందని రాశారు, విచారిస్తే ఆమె పదకొండేళ్ళ కిందటే చనిపోయినట్టు తెలిసింది. మేజిస్ట్రేటు కాగితం దించి నా వైపు చూశారు.

విన్నపం ఆయన చేతిలో ఉంది. కింద నా సంతకం ఉంది. అందులో తల్లి ఉన్నట్టు నాకు తెలియదు.

ఆయన నన్ను అడగలేదు. బోనులో ఉన్న అతన్ని అడిగారు, నీ తల్లి ఎక్కడ ఉంది అని.

అతను నా వైపు చూశాడు. నేనేదో ఉద్దేశంతో రాశాననుకున్నట్టున్నాడు. కాసేపు ఆలోచించి, "ఇరుందాంగ, ఐయా" అన్నాడు. ఉండేది అని. అబద్ధం కాదు. నన్ను పట్టించడమూ కాదు.

ప్రాసిక్యూటరు లేచాడు. నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు. ఈ చట్టం కింద విడిచిపెట్టాలంటే కోర్టు చూడాల్సింది నేరం ఎలాంటిది, మనిషి నడత ఎలాంటిది అని, దయ కోసం చచ్చిపోయిన తల్లిని బతికించిన మనిషి నడత ఏమిటో కోర్టే చూడాలి అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. నేను అతని చోట ఉంటే అదే అనేవాణ్ణి.

నేను లేచి నిలబడి, ఆ వాక్యం ముద్దాయి చెప్పింది కాదని, నా ఆఫీసులో నమూనా చూసి టైపు చేసిందని, నేను చదవకుండా సంతకం పెట్టానని, అతనికి ఇంగ్లీషు రాదని, అందులో ఏముందో నేను అతనికి చెప్పలేదని అన్నాను. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో కోర్టులో అలాంటి మాట అనడం అదే మొదలు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. పాత విన్నపం వెనక్కి తీసుకుని కొత్తది దాఖలు చేయడానికి పది రోజులు ఇచ్చారు. బాండుకు విడిచిపెట్టే మాటే వస్తే ఒక జామీనుదారు కూడా ఉండాలని, లేకపోతే ఆలోచించనని అన్నారు. చివర ఒక మాట తమిళంలో మెల్లగా అన్నారు: ఈసారి చదివి సంతకం పెట్టండి.

వరండాలో ప్రాసిక్యూటరు నా పక్కనే నడుస్తూ, "ఏంటన్నా, మీ గుమాస్తా అందరికీ అమ్మను సప్లై చేస్తాడా? నాకూ ఒకరిని రాయమను, మా అమ్మ నాతో మాట్లాడి ఆర్నెల్లయింది" అన్నాడు. నొప్పించాలని అన్నది కాదు. నా భార్య పోయినప్పుడు ఇంటికి వచ్చిన నలుగురైదుగురు వకీళ్ళలో అతనూ ఒకడు.

గుమాస్తాను నేను తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేదేమో. టైపు మిషను మీద గుడ్డ కప్పుతూ, "అమ్మ ఎవరికి ఉండదు సార్?" అన్నాడు. కాసేపటికి, "లేకపోయినా ఎవరో ఒకరు ఉంటారు గదా, ఎవరూ లేకుండా ఎట్ట ఉంటారు?" అన్నాడు. జవాబు కోసం అడిగింది కాదు. కానీ అడిగాక నా ముఖం చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పాత నమూనాను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆధారపడినవాళ్ళను తీసేస్తే ఆ కాగితంలో దాదాపు ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్ళూ నేను మనుషుల కోసం దయ అడగలేదు, వాళ్ళ తల్లుల కోసం, పిల్లల కోసం అడిగాను. ఎవరూ లేని మనిషి కోసం అడగాల్సిన మాట నాకు తెలియదు. ఆ బోనులో నేను నిలబడినా నా వకీలు రాయడానికి ఏమీ ఉండదు. ఈ ఆలోచన నాకు ఇష్టం లేదు. లేచి చట్టం పుస్తకం తీశాను. అందులో వయసు ఉంది, నడత ఉంది, వెనకటి చరిత్ర ఉంది, నేరం ఏ పరిస్థితుల్లో జరిగిందన్నది ఉంది. ముసలి తల్లి ఎక్కడా లేదు. ఆమెను మేమే పెట్టాం.

ఆ ఆదివారం గేటు దగ్గరికి వెళ్ళాను. రైల్లో కేసు కాగితాలన్నీ వరసగా, మొదటిసారి చదువుతున్నట్టే చదివాను. నిజానికి కొన్ని మొదటిసారే. గూడ్సు డ్రైవరు పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో నేను చూడని ఒక వాక్యం ఉంది. గేటు కనపడకముందే, మలుపు దగ్గర, ఒక మనిషి ఎర్రజెండా ఊపుకుంటూ పట్టాల పక్కన ఎదురు పరిగెత్తి రావడం చూశానని, అందుకే బ్రేకు వేశానని చెప్పాడు. పోలీసులు దాన్ని అట్లాగే రాసుకున్నారు. ఆ మనిషి ఎవరో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

గేటు దగ్గర అతని చోట ఇంకొకాయన డ్యూటీలో ఉన్నాడు. మా గేటుమనిషి తన గది ముందు బనీను ఉతికి ఆరేస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి లోపలికి పోయి స్టూలు తెచ్చాడు. ఎర్రజెండాతో పరిగెత్తింది నువ్వేనా అంటే అవునన్నాడు. ఈ మాట నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అది డ్యూటీ గదా సామీ. గేటు తెరిచినాంక పరిగెత్తాల్సిందే. దాన్ని చెప్పుకుంటారా ఎవరైనా?"

ఇద్దరం పట్టాల వెంట మలుపు దాకా నడిచాం. అక్కడ దూరాన్ని టెలిగ్రాఫు స్తంభాలతో కొలుస్తారు. నేను లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. దారిలో, నిన్ను చూడటానికి ఎవరు వస్తారని అడిగాను. ఆలోచించి, ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు కావడి మోసుకుపోయేవాళ్ళు నీళ్ళకు ఆగుతారని చెప్పాడు. ఇంకా ఎవరని అడిగాను. మేకలు కాసుకునే ఆమె ఒకతి ఉండేదని, ఆమె కూతురి దగ్గరికి ఊత్తుకోట పోయిందని చెప్పాడు. అంతే.

జామీను సంగతి మిగిలింది. వకీలు తన కక్షిదారుకు జామీను ఉండకూడదు, రూలు ఒప్పుకోదు. గ్యాంగువాళ్ళను అడిగాను. వాళ్ళు మంచివాళ్ళే, కానీ ఇది రైలు భద్రత కేసు, సంతకం పెడితే డిపార్టుమెంటు తమ వైపు చూస్తుందని భయపడ్డారు. ఇక నాకు తోచింది ఒకటే. గేటు దాటి, పాడె వచ్చిన ఊరికి నడిచాను.

పోయిన మనిషి ఇల్లు తెలుసుకోవడం కష్టం కాలేదు. అక్కడ తెలుగు మాట్లాడే రైతుల ఇళ్ళు పది పన్నెండు. కొడుకు ముప్పై అయిదేళ్ళ మనిషి. నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పగానే అరుగు మీంచి దిగి నిలబడ్డాడు. కేసు జరిమానాతో పోయిందనుకున్నారట. జైలు మాట విని అతని ముఖం మారింది.

"మేము తెరవమని అడగలేదే సార్. యాడైనా విచారించుకోండి. ఒక్క మాట కూడా అడగలేదు."

అదే మాట గేటుమనిషి నోటి నుంచి విన్నాను. అక్కడ అది సమాధానం. ఇక్కడ తప్పించుకోవడం. అడగలేదన్నది నిజమేనన్నాను.

లోపలి గదిలో, గడప అవతల, అతని తల్లి కూర్చుని ఉంది. భర్త పోయిన ఏడాది అది. బయటికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"అడగలేదురా. అడగకుండానే తెరిచినాడు. దాటింది మనమే గదా. మీ నాయన్ను భుజాన పెట్టుకుని ఎంతసేపు నిలబడినావో నువ్వే చెప్పినావు, భుజం కాయ గాచిందని చూపించినావు. పో, పోయి సంతకం పెట్టు."

కొడుకు నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. అతను మళ్ళీ తప్పు చేస్తే తన మీదికి ఏం వస్తుందని ఒకటి. బాండులో రాసిన మొత్తం కోర్టు అడగవచ్చని చెప్పాను. అతనెట్టాంటి మనిషని రెండోది. నాకు తెలిసింది చెప్పాను. భూమి చిట్టా, అడంగల్ కాగితాలు తీసుకుని వాయిదా నాటికి వస్తానన్నాడు.

కొత్త విన్నపం నేనే చేత్తో రాశాను. మూడు రోజులు పట్టింది. రెండు పేజీలు. మొదటి పేరాలో పాత విన్నపంలోని తప్పు నాదేనని మళ్ళీ రాశాను. రెండో పేరాలో ఇలా రాశాను: ఈ మనిషి మీద ఆధారపడినవాళ్ళు ఎవరూ లేరు. ఇతను జైలుకు పోతే ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరదు. ఆ కారణం మీద నేను కోర్టును ఏమీ అడగడం లేదు. తరవాత పంతొమ్మిదేళ్ళ పని, అందులో ఒక్క ఫిర్యాదు లేకపోవడం. తరవాత ఆ మధ్యాహ్నం. గూడ్సు ఎంత ఆలస్యమైందో, పాడె ఎంతసేపు నిలబడిందో, దింపుడు కళ్ళం ఎక్కడుందో. గేటు తెరవడం తప్పని, ముందు జెండా పట్టుకుపోయి ఆ తరవాత గేటు తెరిచి ఉంటే తప్పు కొంత తగ్గేదని, అతను రెండో పని ముందు చేశాడని. తరవాత డ్రైవరు వాంగ్మూలంలోని వాక్యం, ప్రాసిక్యూషన్ కాగితాల్లోంచి, పేజీ నంబరుతో. రైలు ఆగింది తప్పు చేసిన మనిషే పరిగెత్తడం వల్ల. చివరగా, బాండు మీద విడిచిపెట్టమని, ఈ తీర్పు వల్ల అతని ఉద్యోగానికి అనర్హత అంటకుండా చట్టం ఇచ్చే రక్షణను ఆర్డరులో చెప్పమని అడిగాను. విశేషణాలన్నీ కొట్టేశాను. "అభాగ్యుడు" అని ఒక చోట పడింది, అదీ కొట్టేశాను.

వాయిదా రోజు పొద్దున కోర్టు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని అతనికి మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ఆధారపడినవాళ్ళు లేరన్న చోట ఆగి అతని వైపు చూశాను. అతను తలూపాడు, అందులో అతనికి అభ్యంతరం కనపడలేదు. పరిగెత్తిన దూరం దగ్గర మాత్రం చెయ్యెత్తాడు.

"నాలుగు స్తంభాలు కాదు సామీ. మూడే. మూడో స్తంభం కాడ ఉండంగానే ఇంజను కనపడింది, ఆడనే నిలబడి జెండా ఊపినా."

నాలుగో స్తంభం దాకా మనం కలిసి నడిచాం కదా అన్నాను. "మనం నడిచినాము. ఆ పొద్దు నేను మూడే పోయినా." నాలుగని ఉంటే బాగుంటుందని నాలోని వకీలు అనుకున్నాడు. కొట్టేసి మూడని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

మేజిస్ట్రేటు విన్నపాన్ని బెంచి మీద కూర్చునే చదివారు. కొట్టివేత దగ్గర ఆగి, ఇదేమిటని అడిగారు. ముద్దాయి తగ్గించమన్నాడు, తగ్గించానని చెప్పాను. ప్రాసిక్యూటరును ఏమంటారని అడిగారు. అతను డ్రైవరు వాంగ్మూలం తీసి చూసుకుని, ఆ వాక్యం ఉందని, కోర్టు ఇష్టమని కూర్చున్నాడు. ఆర్డరు మధ్యాహ్నం చెప్పారు. ప్రొబేషన్ చట్టం కింద, ఒక ఏడాది మంచి నడవడికకు బాండు, ఒక జామీను, ఆ ఏడాది ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టి ఉండాలి, ఆఫీసరు తిరుత్తణి వచ్చినప్పుడల్లా ఇతను వెళ్ళి కనపడాలి. రైతు కొడుకు చిట్టా, అడంగల్ చూపించి బాండు మీద సంతకం పెట్టాడు. వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడటం అదే మొదటిసారి. గేటుమనిషి అతని భుజం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

డిపార్టుమెంటు ఉద్యోగం తీయలేదు. గేటు మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. రేణిగుంట వైపు ఒక గ్యాంగుకు మార్చారు. గది ఖాళీ చేయాల్సి వచ్చింది. నేనొక అర్జీ రాసి పంపాను, జవాబు రాలేదు. దానిమీద కోర్టు చేయగలిగింది ఏమీ లేదు. ఆ మాట చెబితే, "రైలు ఆపినోణ్ణి మళ్ళా గేటు కాడ ఎట్ట పెడతారు సామీ" అన్నాడు.

ఏడాది తరవాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. బాండు గడువు ముందురోజుతో అయిపోయింది. నేను వంట చేసుకుంటున్నాను. అతన్ని ముందు గదిలో కూర్చోబెట్టి, అన్నం దించి వచ్చాను. ఇంక కోర్టుకు రానక్కరలేదా అని అడిగాడు. అక్కరలేదన్నాను. ఆఫీసరుకు కనపడనక్కరలేదా? అదీ అక్కరలేదు. ప్రతిసారీ ఆ రైతు కొడుకు తనతో పాటు ఆఫీసరు దగ్గరికి వచ్చేవాడని అప్పుడు తెలిసింది. జామీనుదారు రావాలన్న రూలేమీ లేదు. ఎవరో చెప్పి ఉంటారు, లేదా ఎవరూ చెప్పకుండానే వచ్చేవాడేమో. పని అయ్యాక ఇద్దరూ బస్టాండు దగ్గర టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళట. ఒకసారి వాళ్ళమ్మ పచ్చడి పంపిందట.

అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"అంటే, ఆయప్ప పూచీ కూడా అయిపోయినట్టేనా సామీ?"

రైతు కొడుకు పూచీ కూడా అయిపోయినట్టేనన్నాను.

"ఇంక నాకు ఆయప్ప పూచీ లేదు."

లేదన్నాను. అంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాలేదు. వంటింట్లో చారు మరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఆయప్పకు తెలియాల గదా. కోర్టువాళ్ళు చెప్తారా, లేకపోతే నేను చెప్పాల్నా?"

చట్ట ప్రకారం ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. గడువు తీరితే బాండు దానంతట అదే ముగుస్తుంది. ఆ మాట నేను అనలేదు.

"నువ్వే వెళ్ళి చెప్పాలి" అన్నాను. "ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మకూ చెప్పు."

అతను గోడ గడియారం వైపు చూసి, తిరుత్తణికి బండి ఎన్ని గంటలకని అడిగాడు. ఇంకా గంటన్నర ఉంది. అన్నం తిని పొమ్మన్నాను. ఇద్దరికీ సరిపోతుందో లేదో చూడటానికి వంటింట్లోకి వెళ్ళాను.